క్లాక్ వణికితే బిట్లు మునిగిపోతాయి

అమెచ్యూర్ రేడియో అభిరుచి ఉన్నవాళ్లు కలిసి రూపొందించుకున్న హెచ్‌పీఎస్‌డీఆర్ ప్రాజెక్టులో మెర్క్యురీ అనే రిసీవర్ బోర్డు ఉంది. పాత రేడియోల్లో లాగా ఇందులో ట్యూనింగ్ కాయిల్స్, మిక్సర్లు వరసగా ఉండవు. యాంటెన్నా నుంచి వచ్చిన సిగ్నల్ ఒక ఫిల్టరు, ఒక యాంప్లిఫయరు దాటి నేరుగా ఎల్‌టీసీ2208 అనే చిప్‌లోకి వెళ్తుంది. ఆ చిప్ సెకనుకు 12 కోట్ల 28 లక్షల 80 వేల సార్లు వోల్టేజీని కొలిచి, ప్రతిసారీ 16 బిట్ల అంకె ఒకటి బయటికి ఇస్తుంది. వోల్టేజీని ఇలా అంకెలుగా మార్చే చిప్‌నే ఏడీసీ అంటారు. ఆ పైన రేడియో పనంతా లెక్కలే. స్టేషన్‌ని వెతకడం, వడకట్టడం, మాటగా మార్చడం అన్నీ ఆ అంకెల మీదే జరుగుతాయి.

16 బిట్లంటే కొలతబద్ద మీద 65,536 గీతలు. చిప్ కొన్నాం కాబట్టి అన్ని గీతలూ మనవే అనుకుంటాం. నిజానికి ఈ చిప్‌లో సిగ్నల్‌కీ నాయిస్‌కీ మధ్య ఉండే తేడా, అంటే ఎస్‌ఎన్‌ఆర్, అంతా సవ్యంగా ఉన్నప్పుడు 78 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని బిట్లలోకి మారిస్తే 13కి కొంచెం తక్కువే వస్తుంది. మిగిలిన మూడు బిట్లనూ చిప్ లోపలి మామూలు ఎలక్ట్రానిక్ నాయిస్ మింగేస్తుంది. అది తయారీదారు ముందే చెప్పే విషయం, డేటాషీట్ మొదటి పేజీలోనే ఉంటుంది. దాని గురించి ఇక్కడ చర్చ లేదు. ఆ మిగిలిన 13 బిట్లలోంచి కూడా, సిగ్నల్ ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ మరికొన్ని జారిపోతాయి. అవి ఎందుకు పోతాయో తెలియక చాలామంది చిప్‌నే తప్పుపడతారు. తప్పు చాలాసార్లు చిప్‌ది కాదు, దానికి ఇచ్చిన క్లాక్‌ది.

కొలత ఎలా జరుగుతుందో ముందు చూద్దాం. ఏడీసీ ముందు భాగంలో ఒక ట్రాన్సిస్టర్ స్విచ్, దాని వెనక ఒక చిన్న కెపాసిటర్ ఉంటాయి. స్విచ్ కలిసి ఉన్నంతసేపూ కెపాసిటర్ మీది వోల్టేజీ బయటి సిగ్నల్‌తో పాటే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. క్లాక్ సిగ్నల్ కింది నుంచి పైకి, లేదా పై నుంచి కిందికి మారే క్షణంలో స్విచ్ తెరుచుకుంటుంది. క్లాక్‌లోని ఆ మార్పునే ఎడ్జ్ అంటారు. స్విచ్ తెరుచుకున్న క్షణాన కెపాసిటర్ మీద ఎంత వోల్టేజీ ఉందో అంతే అక్కడ నిలిచిపోతుంది. మిగతా సర్క్యూట్ తీరిగ్గా ఆ నిలిచిన వోల్టేజీని అంకెగా మారుస్తుంది. కాబట్టి కొలిచేది ఎంత గొప్ప సర్క్యూట్ అయినా, అది కొలిచేది స్విచ్ తెరుచుకున్న క్షణం నాటి వోల్టేజీనే.

క్లాక్ ఎడ్జ్ వచ్చాక స్విచ్ నిజంగా తెరుచుకోవడానికి కొంచెం సమయం పడుతుంది. దాన్ని అపర్చర్ డిలే అంటారు. ఒకే ఏడీసీ ఉన్నచోట ఇది ప్రతిసారీ కచ్చితంగా అంతే ఉంటే ఏ నష్టమూ లేదు, కొలతలన్నీ ఒకే మోతాదులో ఆలస్యమవుతాయి, అంతే. నష్టమంతా ఆ ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా ఉండటంలో ఉంది. ఒక కొలత రవ్వంత ముందు, ఇంకొకటి రవ్వంత వెనక. ఈ తడబాటునే అపర్చర్ జిట్టర్ అంటారు. బయటి నుంచి వచ్చే క్లాక్ ఎడ్జ్ కూడా తన సమయానికి కచ్చితంగా రాదు. అది క్లాక్ జిట్టర్. స్విచ్‌కి ఈ రెండింటి మధ్య తేడా తెలియదు, రెండూ కలిసి అది తెరుచుకునే క్షణాన్ని అటూ ఇటూ జరుపుతాయి.

సమయంలో తప్పు వోల్టేజీలో తప్పుగా ఎలా మారుతుంది? పట్టాల పక్కన నిలబడి, గంట కొట్టిన క్షణంలో రైలు ఇంజను ఎక్కడుందో రాసుకునే మనిషిని ఊహించుకోండి. గంట ఒక సెకను ఆలస్యంగా మోగింది. స్టేషన్‌లోకి సెకనుకు ఒక మీటరు చొప్పున పాకుతూ వస్తున్న గూడ్సు అయితే అతను రాసిన చోటు ఒక మీటరు తప్పు. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే ఎక్స్‌ప్రెస్ అయితే అదే ఒక్క సెకను 36 మీటర్ల తప్పు. అతని చేతిలోని టేపు మిల్లీమీటరు వరకూ సరిగ్గా చూపించినా లాభం లేదు. ఆగి ఉన్న రైలు విషయంలో మాత్రం గంట ఎంత ఆలస్యంగా మోగినా తప్పే రాదు. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి, లోపాన్ని పట్టుకోవడంలో మళ్లీ అక్కరకొస్తుంది.

ఇప్పుడు అసలు అంకెలు. కొలతబద్ద మొత్తం 2 వోల్టులు అనుకుందాం. సైన్ తరంగం దాని నిండా, మధ్య నుంచి ఒక వోల్టు పైకీ ఒక వోల్టు కిందికీ ఊగుతోంది. 16 బిట్ల లెక్కన ఒక్కో గీత మధ్య దూరం సుమారు 30.5 మైక్రోవోల్టులు. తరంగం సున్నాను దాటేచోట అన్నిటికంటే వేగంగా మారుతుంది. 10 మెగాహెర్ట్జ్ సిగ్నల్ అయితే అక్కడ మైక్రోసెకనుకు 62.8 వోల్టుల వేగం. స్విచ్ ఒక పికోసెకను ఆలస్యంగా తెరుచుకుంటే, ఆ ఒక్క పికోసెకనులో వోల్టేజీ 62.8 మైక్రోవోల్టులు జరిగిపోతుంది. అంటే రెండు గీతలు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు, ఆ వ్యవధిలో కాంతి ప్రయాణించే దూరం 0.3 మిల్లీమీటర్లు మాత్రమే.

అదే బోర్డుకి 145 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఇవ్వండి. హామ్ రేడియో వాళ్లు రెండు మీటర్ల బ్యాండు అనే చోటది. ఇప్పుడు అదే ఒక్క పికోసెకనులో వోల్టేజీ 911 మైక్రోవోల్టులు జరుగుతుంది. దాదాపు 30 గీతలు. చిప్ మారలేదు, క్లాక్ మారలేదు, తప్పు రెండు గీతల నుంచి 30 గీతలకి వెళ్లింది. ఆ 30 గీతల లోపల ఉన్న చిన్న బిట్లు ఇంకా అంకెలు చూపిస్తూనే ఉంటాయి, కానీ వాటిలో సిగ్నల్ సమాచారం ఉండదు.

జిట్టర్ ప్రతిసారీ ఒకే మోతాదులో ఉండదు కాబట్టి దాన్ని సగటు వర్గ మూలంగా, అంటే ఆర్‌ఎంఎస్ విలువగా చెబుతారు. తరంగం వాలు కూడా శిఖరం దగ్గర సున్నా, మధ్యలో ఎక్కువ. ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకుంటే వచ్చే సూత్రం ఆశ్చర్యపోయేంత చిన్నది:

```
SNR  = -20 × log10(2π × f × tj)
bits = (SNR - 1.76) / 6.02
```

ఇక్కడ f సిగ్నల్ ఫ్రీక్వెన్సీ, tj మొత్తం జిట్టర్. ఈ సూత్రంలో రెండు విషయాలు కనిపించవు, అవి కనిపించకపోవడమే దీని సారం. ఏడీసీకి ఎన్ని బిట్లున్నాయన్నది ఇందులో లేదు. సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తున్నామన్నదీ లేదు. 145 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని ఒక పికోసెకను జిట్టర్‌తో కొలిస్తే ఎస్‌ఎన్‌ఆర్ 60.8 డెసిబెల్స్ దాటదు, బిట్లలో అది 9.8. అక్కడ పెట్టింది 12 బిట్ల చిప్ అయినా, 14 బిట్లదైనా, 16 బిట్లదైనా పైకప్పు అదే. ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే ఒక బిట్ పోతుంది. జిట్టర్ రెట్టింపైనా ఒక బిట్ పోతుంది.

ఆడియో సామాన్ల ప్రకటనల్లో కూడా జిట్టర్ మాట తరచూ వినిపిస్తుంది కాబట్టి అక్కడి లెక్క కూడా వేసి చూద్దాం. మన చెవికి వినిపించే అతి పై స్వరం 20 కిలోహెర్ట్జ్. ఆ ఫ్రీక్వెన్సీలో 16 బిట్ల కొలతలో అర గీత తప్పు రావాలంటే క్లాక్ దాదాపు 120 పికోసెకన్లు తప్పాలి. సాధారణ క్రిస్టల్ ఆసిలేటర్ అంతకంటే చాలా బాగా పనిచేస్తుంది. ఆడియోలో ఫెమ్టోసెకన్ల గొప్పలు చెప్పి అమ్మే క్లాకులకు డబ్బు పోయాల్సిన అవసరం నాకైతే కనిపించదు. రేడియోలో అవే ఫెమ్టోసెకన్లు నిజంగా లెక్కలోకొస్తాయి.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు తరచూ పొరబడే చోటు ఒకటుంది. 122.88 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో 145 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని కొలిస్తే, అంకెల్లో ఆ సిగ్నల్ 145 దగ్గర కనిపించదు. క్లాక్ ఫ్రీక్వెన్సీని తీసేయగా మిగిలిన 22.12 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. ముందు సరైన ఫిల్టర్ పెట్టుకుంటే ఇది లోపం కాదు, కావాలనే వాడే పద్ధతి, దీన్ని అండర్‌శాంప్లింగ్ అంటారు. స్క్రీన్ మీద 22 అని కనిపిస్తోంది కదా, జిట్టర్ లెక్క కూడా 22కే వేస్తే సరిపోతుంది అనుకుంటారు. సరిపోదు. స్విచ్ తెరుచుకునేటప్పుడు కెపాసిటర్ మీద ఊగుతున్నది 145 మెగాహెర్ట్జ్ తరంగమే. తప్పు అక్కడే, అప్పుడే జరిగిపోయింది. ఆ తర్వాత అంకెల్లో అది ఎక్కడ కనిపించినా జరిగిన తప్పు తగ్గదు.

ఇక రెండు క్లాకుల్ని ఇదే చిప్‌కి ఇచ్చి చూద్దాం. ఎల్‌టీసీ2208 సొంత అపర్చర్ జిట్టర్ 70 ఫెమ్టోసెకన్లని డేటాషీట్ చెబుతుంది. పికోసెకనులో వెయ్యో వంతు ఫెమ్టోసెకను. ఒకదానితో ఒకటి సంబంధం లేని జిట్టర్లు నేరుగా కూడవు, వాటి వర్గాలు కూడతాయి. కాబట్టి పెద్దది ఏదో దాని మాటే చెల్లుతుంది, చిన్నదాన్ని ఇంకా బాగుచేసినా ఫలితం ఉండదు.

మొదటి క్లాక్ మంచి క్రిస్టల్ ఆసిలేటర్ నుంచి నేరుగా వస్తోంది, జిట్టర్ 100 ఫెమ్టోసెకన్లు. చిప్‌దీ కలిపితే మొత్తం 122. 10 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌కి జిట్టర్ ఒక్కదాని వల్ల వచ్చే పైకప్పు 102 డెసిబెల్స్. చిప్ మామూలు నాయిస్ ముందే 78 దగ్గర ఆపేస్తోంది కాబట్టి ఆ పైకప్పు మనకు తగలనే తగలదు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర పైకప్పు 79కి దిగుతుంది, చిప్ నాయిస్‌తో కలిపితే 75.5 వస్తుంది. బిట్లలో 12.25. అంత ఎత్తు ఫ్రీక్వెన్సీలో ఇది మంచి ఫలితమే.

రెండో క్లాక్‌ని సౌకర్యం కోసం పక్కనే ఉన్న ఎఫ్‌పీజీఏ పిన్ను నుంచి తీసుకున్నాం. చాలా ఇంటి ప్రయోగాల్లో, కొన్ని అమ్మకపు బోర్డుల్లో కూడా జరిగేది ఇదే. లోపలి పీఎల్‌ఎల్ ఎలాగూ 122.88 తయారు చేసి ఇస్తుంది, వేరే ఆసిలేటర్ ఖర్చు దేనికి అనుకుంటారు. దాని జిట్టర్ 10 పికోసెకన్లు అనుకుందాం. చిప్ సొంత 70 ఫెమ్టోసెకన్లు దాని ముందు లెక్కకే రావు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్‌ఎన్‌ఆర్ 40.8 డెసిబెల్స్. ఆరున్నర బిట్లు! 10 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా 64కి పడిపోయి పది బిట్ల చిల్లరే మిగులుతుంది. ఒక మెగాహెర్ట్జ్ దగ్గర పరీక్షిస్తే మాత్రం 77 కనిపిస్తుంది. అందుకే బల్ల మీద తక్కువ ఫ్రీక్వెన్సీలో పరీక్షించినవాళ్లకి బోర్డు బ్రహ్మాండంగా ఉన్నట్టు అనిపిస్తుంది.

ఎఫ్‌పీజీఏ క్లాక్ ఎందుకంత తడబడుతుందో తెలుసుకుంటే జిట్టర్ పుట్టుక కూడా తెలుస్తుంది. క్లాక్ ఎడ్జ్ అంటే బొమ్మల్లో గీసినట్టు నిలువు గీత కాదు, అది ఏటవాలుగా ఎక్కే వోల్టేజీ. ఒక గడప విలువని దాటినప్పుడు దాన్ని అందుకునే సర్క్యూట్ 'ఇదిగో ఎడ్జ్' అని గుర్తిస్తుంది. ఆ వోల్టేజీ మీద కాస్త నాయిస్ కలిస్తే గడప దాటే క్షణం ముందుకో వెనక్కో జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది నాయిస్ వోల్టేజీని ఎడ్జ్ వేగంతో భాగిస్తే వస్తుంది. నానోసెకనుకు ఒక వోల్టు చొప్పున ఎక్కే ఎడ్జ్ మీద ఒక మిల్లీవోల్టు నాయిస్ ఉంటే ఒక పికోసెకను జిట్టర్. ఆ నాయిస్ పదో వంతుకి తగ్గితే 100 ఫెమ్టోసెకన్లు. ఎడ్జ్ నిదానంగా ఎక్కితే అదే నాయిస్ ఎక్కువ జిట్టర్ అవుతుంది.

ఎఫ్‌పీజీఏ లోపల వేల గేట్లు ఒకేసారి మారుతుంటాయి. ప్రతి మార్పుకీ సప్లై వోల్టేజీ, గ్రౌండ్ కాస్త ఊగుతాయి. వాటితో పాటు గడప కూడా ఊగుతుంది. క్లాక్ ఆ గుంపు మధ్య నుంచి, ఒకదాని తర్వాత ఒక బఫర్ దాటుకుంటూ బయటికి రావాలి. ప్రతి బఫర్ కొంత కలుపుతుంది. కలిసిన జిట్టర్‌ని ఆ తర్వాత మామూలు బఫర్ ఏదీ తీసేయలేదు. అందుకే అనుభవం ఉన్న డిజైనర్లు క్లాక్‌ని ముందు ఏడీసీకి ఇచ్చి, అక్కడి నుంచి ఎఫ్‌పీజీఏకి పంపుతారు. ఎఫ్‌పీజీఏ పది పికోసెకన్ల జిట్టర్‌ని సులువుగా ఓర్చుకుంటుంది, ఏడీసీ ఓర్చుకోలేదు.

మీ ముందున్న బోర్డులో బిట్లు తగ్గాయి, దోషి జిట్టరేనా అన్నది ఎలా తేలుతుంది? ఏడీసీ నుంచి వచ్చిన అంకెలకి ఎఫ్‌ఎఫ్‌టీ తీసి స్పెక్ట్రమ్ చూడాలి. మొదట ఇన్‌పుట్‌కి సిగ్నల్ ఏమీ ఇవ్వకుండా టెర్మినేషన్ పెట్టి చూడండి. నాయిస్ అడుగున, డేటాషీట్ చెప్పినచోట ఉంటుంది. రైలు ఆగి ఉంది కాబట్టి గంట తప్పినా తప్పు కనిపించదు. ఇన్‌పుట్ ఖాళీగా పెట్టి 'నాయిస్ ఫ్లోర్ బ్రహ్మాండం' అని తేల్చేసే పరీక్ష జిట్టర్ గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు.

తర్వాత కొలతబద్ద దాదాపు నిండేంత బలమైన సిగ్నల్ ఇచ్చి, దాని ఫ్రీక్వెన్సీ పెంచుతూ పోండి. సిగ్నల్ బలం మార్చకపోయినా అడుగు పైకి లేస్తుంటే, ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెల్స్ చొప్పున లేస్తుంటే, అనుమానం బలపడినట్టే. చివరగా అదే ఎత్తు ఫ్రీక్వెన్సీలో సిగ్నల్‌ని పది డెసిబెల్స్ తగ్గించండి. చిప్ మామూలు నాయిస్ అయితే కదలకుండా అక్కడే ఉంటుంది. జిట్టర్ నాయిస్ అయితే సిగ్నల్‌తో పాటు అదీ పది డెసిబెల్స్ దిగుతుంది, ఎందుకంటే అది సిగ్నల్ వాలు నుంచి పుట్టింది. ఈ మూడు పరీక్షలూ కలిస్తే సందేహం ఉండదు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. మీరు వాడే సిగ్నల్ జనరేటర్ తరంగం కూడా సొంతంగా తడబడుతుంది. స్విచ్ తడబడినా, తరంగమే తడబడినా స్పెక్ట్రమ్‌లో ఒకేలా కనిపిస్తాయి. జనరేటర్ తర్వాత ఆ ఫ్రీక్వెన్సీకే సరిపోయే ఇరుకు బ్యాండ్‌పాస్ ఫిల్టర్ పెట్టుకుంటే దూరంగా పరుచుకున్న నాయిస్ పోతుంది. ఫిల్టర్ లేకుండా కొలిచి ఏడీసీని తిట్టడం అన్యాయం. ఇంకో గుర్తు కూడా ఉంది. సిగ్నల్‌కి రెండు పక్కలా సమాన దూరంలో సన్నటి ముళ్లు నిలబడితే అది క్రమం లేని నాయిస్ కాదు. 500 కిలోహెర్ట్జ్‌తో స్విచ్ అయ్యే పవర్ సప్లై క్లాక్ సర్క్యూట్‌లోకి దూరితే, సిగ్నల్‌కి సరిగ్గా 500 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ ముళ్లు లేస్తాయి. ఆ దూరమే దోషి పేరు చెబుతుంది.

ఇక ఆసిలేటర్ డేటాషీట్ దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఎక్కువమంది మోసపోయే చోటు ఇదే. క్లాక్ తడబాటుని వాళ్లు రెండు రకాలుగా చెబుతారు. ఒకటి ఫేజ్ నాయిస్ గ్రాఫ్. క్లాక్ ఫ్రీక్వెన్సీకి ఎంత దూరంలో ఎంత నాయిస్ ఉందో అది చూపిస్తుంది. రెండోది ఆ గ్రాఫ్ కింది వైశాల్యాన్ని కూడి తీసిన ఒక్క జిట్టర్ అంకె. ఎక్కడి నుంచి ఎక్కడి వరకూ కూడారన్నది చాలా ముఖ్యం. టెలికాం లింకుల అలవాటు కొద్దీ చాలా ఆసిలేటర్ల డేటాషీట్లలో 12 కిలోహెర్ట్జ్ నుంచి 20 మెగాహెర్ట్జ్ వరకూ మాత్రమే కూడతారు.

ఏడీసీ క్లాక్ పిన్ 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగదు. అంతకంటే ఎంతో దూరపు నాయిస్‌ని కూడా అది లోపలికి రానిస్తుంది. 122.88 మెగాహెర్ట్జ్ క్లాక్ నాయిస్ అడుగు హెర్ట్జ్‌కి మైనస్ 155 డెసిబెల్స్ దగ్గర చదునుగా ఉందనుకుందాం. 20 మెగాహెర్ట్జ్ వరకూ కూడితే 145 ఫెమ్టోసెకన్లు వస్తుంది. డేటాషీట్ మీద అంకె అదే. ఏడీసీ 100 మెగాహెర్ట్జ్ వరకూ తీసుకుంటే అదే క్లాక్ 325 ఫెమ్టోసెకన్ల క్లాక్. మన 145 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌కి ఎస్‌ఎన్‌ఆర్ 70 డెసిబెల్స్ కిందికి జారి, 11.3 బిట్లు మిగులుతాయి. గ్రాఫ్ చివర చదునుగా సాగే ఆ అడుగు చూడటానికి చాలా కిందే ఉన్నట్టుంటుంది. కానీ అంత వెడల్పున కూడినప్పుడు జిట్టర్‌లో ఎక్కువ వాటా దానిదే.

దీనికి మందు కూడా అక్కడే ఉంది. ఆసిలేటర్‌కీ ఏడీసీకీ మధ్య అయిదు మెగాహెర్ట్జ్ వరకే నాయిస్‌ని వదిలే ఇరుకు ఫిల్టర్ పెడితే, 325 కాస్తా 73 ఫెమ్టోసెకన్లకి దిగుతుంది. ఇదే సిగ్నల్‌కి ఎస్‌ఎన్‌ఆర్ 76 వస్తుంది, ఒక బిట్టు పైగా తిరిగొచ్చినట్టు. చిప్ ముట్టుకోలేదు, సాఫ్ట్‌వేర్ మార్చలేదు. ఫిల్టర్ క్లాక్‌ని సైన్ తరంగంగా మెత్తబరుస్తుంది కాబట్టి ఎడ్జ్ వేగం తగ్గుతుందన్నది మరిచిపోకూడదు. తరంగం ఎత్తు సరిపడా ఉండాలి, లేకపోతే ఏడీసీ క్లాక్ పిన్ సొంత నాయిస్ మళ్లీ జిట్టర్‌గా మారి, వచ్చిన లాభాన్ని తినేస్తుంది. ఫిల్టర్ తర్వాత మళ్లీ చౌక లాజిక్ బఫర్ పెడితే మొదటికే మోసం.

క్లాక్‌కి దూరంగా ఉండే ఈ చదును నాయిస్ అందరినీ ఒకేలా బాధించదు. అది కొలత స్పెక్ట్రమ్ అంతటా పలచగా పరుచుకుంటుంది. హామ్ రేడియో శ్రోత ఒక మాట వినడానికి మూడు కిలోహెర్ట్జ్ వెడల్పు చాలు. 61.44 మెగాహెర్ట్జ్ వెడల్పులో అది చిన్న చీలిక. సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ మిగతాదంతా పారేసేసరికి 43 డెసిబెల్స్ లాభం వస్తుంది. కాబట్టి అతన్ని నిజంగా వేధించేది వేరే నాయిస్, క్లాక్‌కి దగ్గరగా, కొన్ని కిలోహెర్ట్జ్ దూరంలో గుమిగూడేది. అది ప్రతి బలమైన సిగ్నల్ చుట్టూ పరికిణీలా పరుచుకుంటుంది. పక్క వీధిలో మరో హామ్ గట్టిగా ప్రసారం చేస్తుంటే, అతని సిగ్నల్ అంచున ఉన్న దూరపు దేశపు సన్నటి సిగ్నల్ ఆ పరికిణీ కింద మునిగిపోతుంది. ఇరుకు ఫిల్టర్ ఇక్కడ ఆదుకోదు, ఆ నాయిస్ ఫిల్టర్ లోపలే ఉంది. దీనికి క్రిస్టల్ నాణ్యత తప్ప మార్గం లేదు. వెడల్పయిన బ్యాండ్ మొత్తం ఒకేసారి తీసుకునే రాడార్‌కీ, మొబైల్ టవర్‌కీ దూరపు నాయిస్ కూడా ముఖ్యమే. ఎవరికి ఏ నాయిస్ అడ్డమో తెలిశాకే ఆసిలేటర్ మీద ఎంత ఖర్చు పెట్టాలో తేలుతుంది.

ఈ పరిమితి కొత్తగా కనిపెట్టింది కాదు. రాబర్ట్ వాల్డెన్ 1999లో అప్పటికి ఉన్న ఏడీసీలను సమీక్షించి రాసిన వ్యాసంలో, సెకనుకు 20 లక్షల కొలతల నుంచి 400 కోట్ల కొలతల వరకూ ఉన్న విస్తారమైన మేరలో చిప్‌లకు అడ్డుపడుతున్నది ఈ అపర్చర్ తడబాటేనని చూపించాడు. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో బోరిస్ మర్మన్ కూర్చిన ఏడీసీల జాబితాలో కూడా చిప్‌ల ఫలితాల పక్కనే ఒక పికోసెకను, 0.1 పికోసెకను జిట్టర్ గీతలు గీసి ఉంటాయి. ఏ చిప్ ఎంత దూరం వచ్చిందో వాటితోనే పోల్చి చూస్తారు. 2012లో ఎంఐటీ పరిశోధకులు ఎలక్ట్రానిక్ క్లాక్‌ని పక్కన పెట్టి, లేజర్ పల్స్‌లతో సమయం నిర్ణయించే ఏడీసీని చూపించారు. 15 ఫెమ్టోసెకన్ల జిట్టర్‌తో 41 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని ఏడు బిట్ల నాణ్యతతో కొలిచారు. పై సూత్రంలో ఆ రెండు అంకెలూ వేసి చూడండి, జిట్టర్ పైకప్పు 7.7 బిట్లని వస్తుంది. అంతటి ప్రయోగశాలలో లేజర్ పెట్టినా లెక్క మాత్రం ఇదే లెక్క.

ఏడీసీ బోర్డు కొనబోతున్నా, కట్టబోతున్నా ముందు మీ సిగ్నల్ అసలు ఫ్రీక్వెన్సీ ఎంతో రాసుకోండి, మడతపడి కనిపించేది కాదు, కెపాసిటర్ మీద ఊగేది. దానికి ఎన్ని బిట్లు కావాలో రాసుకుని, సూత్రాన్ని తిరగేసి ఎంత జిట్టర్ వరకూ ఓర్చుకోవచ్చో లెక్క వేయండి. ఆ తర్వాత ఆసిలేటర్ డేటాషీట్ తెరిచి, జిట్టర్ అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ఫ్రీక్వెన్సీ మేర చదవండి. 12 కిలోహెర్ట్జ్ నుంచి 20 మెగాహెర్ట్జ్ అని ఉంటే ఆ అంకెని నమ్మకుండా ఫేజ్ నాయిస్ గ్రాఫ్ అడగండి. గ్రాఫ్ ఇవ్వని ఆసిలేటర్‌ని ఏడీసీ పక్కన పెట్టకండి.